ఒక్కసారి కొన్నవాళ్లు మళ్లీ కొనాలంటే: ఇంట్లో తొక్కులు, పొడులు అమ్మేవాళ్లకు కస్టమర్ల లిస్టు పద్ధతి

ఇంట్లో తొక్కులు, కారప్పొడులు చేసి అమ్మే చాలామంది దగ్గర కస్టమర్ల లిస్టు అంటే వాట్సాప్‌లో ఉన్న చాట్లే. ఎవరైనా మెసేజ్ పెడితే పైకి వస్తారు, పెట్టకపోతే కింద ఎక్కడో ఉండిపోతారు. పోయిన ఎండాకాలంలో అర కిలో పుంటికూర తొక్కు తీసుకుని, బాగుందని చెప్పి కూడా మళ్లీ కనిపించని వాళ్లు ఎంతమందో మీకు గుర్తుండరు, ఎందుకంటే వాళ్లు గుర్తు చేయరు కాబట్టి. వాళ్లకు రుచి నచ్చకపోవడం వల్ల రాకపోవడం తక్కువ. సీసా అయిపోయిన రోజు మీ నంబర్ ఎక్కడుందో దొరకదు, గల్లీ చివర కిరాణా షాపులో కంపెనీ సీసా కనిపిస్తుంది, అది తెచ్చుకుంటారు. అంతే.

అందుకని ఇక్కడ చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: ఎవరింట్లో ఏ సీసా ఎప్పుడు అయిపోతుందో మీకు తెలిసి ఉండాలి, అయిపోవడానికి నాలుగైదు రోజుల ముందు మీ పేరు వాళ్ల ఫోన్‌లో కనిపించాలి. మాది మహబూబ్‌నగర్ కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే చెప్తాను, నల్గొండలోనో మిర్యాలగూడలోనో ఉన్నా పద్ధతి మారదు.

ముందు నంబర్, దాంతోపాటే ఒప్పుకోలు

డబ్బులు ఫోన్‌పేలో వచ్చాయి కదా, నంబర్ ఉన్నట్టే అనుకోకండి. చాలాసార్లు డబ్బు కొట్టేది ఒకరు, తినేది ఇంకొకరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు పాలమూరులో ఉన్న అమ్మ కోసం డబ్బు పంపిస్తాడు. మీ ఫోన్‌లో కనిపించేది ఆ అబ్బాయి పేరు. ఆయనకు "తొక్కు అయిపోయిందా" అని మెసేజ్ పెడితే ఆయనకేం తెలుసు? అందుకే సీసా చేతికిచ్చేటప్పుడే ఒక మాట అడగండి: "అమ్మా, మళ్లీ చేసినప్పుడు మీకు చెప్పమంటారా? ఏ నంబర్‌కు చెప్పాలి?" ఈ ఒక్క ప్రశ్నకు రెండు జవాబులు వస్తాయి. చెప్పొచ్చో లేదో తెలుస్తుంది, ఇంట్లో తొక్కు సంగతి చూసుకునేది ఎవరో కూడా తెలుస్తుంది.

"అవసరమైతే మేమే ఫోన్ చేస్తాంలే" అన్నారనుకోండి, అది మర్యాదగా వద్దనడమే. వాళ్ల పేరు పక్కన "అడగొద్దు" అని రాసుకుని వదిలేయండి. బలవంతంగా నంబర్ తీసుకున్న వాళ్లు రెండో మెసేజ్‌కే బ్లాక్ చేస్తారు. అలా చాలామంది బ్లాక్ చేసి రిపోర్ట్ కొడితే వాట్సాప్ మీ నంబర్‌నే ఆపేసే అవకాశం ఉంది, అప్పుడు మంచి కస్టమర్లు కూడా చేజారిపోతారు.

మీ నంబర్ వాళ్ల దగ్గర ఉండటం కూడా అంతే అవసరం. సీసా మీద చిన్న స్టిక్కర్ వేసి అందులో మీ పేరు, ఫోన్ నంబర్, ఆ తొక్కు పెట్టిన తేదీ రాయండి. మూత మీద వేయకండి, మూతలు మారిపోతాయి, నూనెకు చెరిగిపోతాయి. సీసా పక్కన వేస్తే ఖాళీ అయ్యేదాకా కళ్ల ముందే ఉంటుంది. ఇచ్చేటప్పుడు "నా నంబర్ సేవ్ చేసుకోండమ్మా" అనండి. ఇది ఎందుకు అంత ముఖ్యమో కింద వాట్సాప్ దగ్గర చెప్తాను.

ఏం రాసుకోవాలి

ఎక్కువ రాయాలనుకుంటే వారం రోజుల్లో రాయడం మానేస్తారు. పేరు, ఫోన్, ఏం తీసుకున్నారు ఎంత తీసుకున్నారు, తేదీ, ఎన్ని రోజులు రావొచ్చు, ఎప్పుడు అడగాలి, ఇవి చాలు. చివర్లో "మాట" అని ఒక గడి పెట్టుకోండి. వాళ్లు నోటితో చెప్పిందేదైనా అందులో రెండు ముక్కల్లో రాయాలి: "కారం తక్కువ కావాలి", "ఎల్లిగడ్డ వేయొద్దు", "అత్తమ్మకు బీపీ, ఉప్పు తగ్గించాలి", "కొడుకు ఆగస్టులో అమెరికా పోతాడు". నన్నడిగితే లిస్టు మొత్తంలో విలువైన గడి ఇదే, చాలామంది వదిలేసేది కూడా ఇదే.

పేరు రాసేటప్పుడు ఒట్టి లక్ష్మి గారు, పద్మ గారు అని రాస్తే మూడు నెలలకు ఎవరు ఎవరో మీకే తెలియదు. "టీచర్ మేడం, న్యూటౌన్", "మెట్టుగడ్డ పెద్దమ్మ, మూడో అంతస్తు", "జడ్చర్ల బ్యాంక్ సార్ వాళ్ల మిసెస్" అని ఏరియాతో, గుర్తుతో రాయండి. ఫోన్‌లో సేవ్ చేసేది కూడా అదే పేరుతో చేయండి, కాల్ రాగానే మనిషి గుర్తుకొస్తారు. సేవ్ చేసేటప్పుడు సిమ్‌లో కాకుండా గూగుల్ అకౌంట్‌లో చేయండి, ఫోన్ పోయినా నంబర్లు పోవు.

పుస్తకంలో రాయాలా ఫోన్‌లో రాయాలా అంటే, మీకు ఏది అలవాటో అదే. పుస్తకమైతే పొడుగు నోట్‌బుక్ తీసుకుని మనిషికి అర పేజీ వదలండి, వరసగా ఒకరి కింద ఒకరిని రాస్తే రెండో ఆర్డర్ రాయడానికి చోటు ఉండదు. అయితే పుస్తకంలో ఒక ఇబ్బంది ఉంది: ఈ రోజు ఎవరిని అడగాలో తెలియాలంటే పేజీలన్నీ తిరగేయాలి. దానికి గోడ మీది తెలుగు క్యాలెండర్ వాడండి. పాల లెక్క రాసుకున్నట్టే, ఆగస్టు 27 గడిలో "టీచర్ మేడం, పుంటికూర" అని చిన్నగా రాసిపెట్టండి. పొద్దున క్యాలెండర్ చూస్తే ఆ రోజు పని తెలిసిపోతుంది.

ఫోన్‌లో అయితే గూగుల్ షీట్స్ ఉచితం. పేరును A లో, ఫోన్‌ను B లో, సరుకును C లో, తేదీని D లో, రోజులను E లో పెట్టి F2 గడిలో ఇది రాయండి:

```
=D2+E2-5
```

కొన్న తేదీకి అది వచ్చే రోజులు కలిపి, అందులోంచి ఐదు రోజులు తీసేస్తే అడగాల్సిన తేదీ వస్తుంది. G గడిని "మాట" కోసం ఉంచుకోండి. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే మీరు 3/6 అని రాసింది జూన్ 3 కాకుండా మార్చి 6 అవుతుంది. కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి `File > Settings > Locale` లో India పెడితే సరిపోతుంది. తేదీ బదులు `#VALUE!` అని కనిపిస్తే మీరు రాసిన తేదీని అది తేదీగా గుర్తించలేదని అర్థం, చుక్కలు తీసేసి మధ్యలో గీతలు పెట్టి రాయండి. తేదీ రావాల్సిన చోట పెద్ద అంకె కనిపిస్తే `Format > Number > Date` నొక్కండి.

ఎన్ని రోజులు వస్తుందో ఎట్లా తెలుస్తుంది

మొదటిసారి మీరు అంచనా వేయాల్సిందే. స్పూన్ల లెక్క వేస్తూ కూర్చోకండి, అది ఏ ఇంట్లోనూ సరిగ్గా రాదు. ఒక ఇంట్లో రోజూ మొదటి ముద్ద తొక్కుతోనే తింటారు, ఇంకో ఇంట్లో కూర లేని రోజే సీసా తీస్తారు. ఇచ్చేటప్పుడు "ఇంట్లో ఎంతమందమ్మా, రోజూ వేసుకుంటారా" అని మాటల్లో అడిగి, అర కిలోకు ఒక నెల చుట్టూ ఏదో ఒక అంకె రాసుకోండి. అంచనా తప్పినా నష్టం లేదు, దిద్దుకోవడానికే లిస్టు ఉంది. అసలు లెక్క రెండో ఆర్డర్‌తో వస్తుంది.

న్యూటౌన్ టీచర్ మేడంతోనే చూద్దాం. జూన్ 3న అర కిలో పుంటికూర తొక్కు, పావు కిలో పల్లి కారం తీసుకున్నారు. ఇంట్లో నలుగురు. తొక్కుకు 30 రోజులు అని అంచనా రాసుకున్నారు, షీట్‌లో అడగాల్సిన తేదీ జూన్ 28 అని వచ్చింది. ఆ రోజు అడిగితే ఆమె "ఇంకా సగం ఉందండీ, పిల్లలు తినరు, మేమిద్దరమే" అన్నారు. ఇదేమీ ఓడిపోయినట్టు కాదు. వెంటనే E గడిలో 30 తీసేసి 50 పెట్టండి, "మాట" గడిలో "పిల్లలు తొక్కు తినరు" అని రాయండి. 50 రోజులంటే కొత్త తేదీ జులై 18 అవుతుంది. ఆ రోజు మెసేజ్ పెడితే ఆమె అదే రోజు మళ్లీ అర కిలో చెప్పారు.

ఇప్పుడు మీ దగ్గర అంచనా లేదు, నిజమైన లెక్క ఉంది. జూన్ 3 నుంచి జులై 18కి 45 రోజులు. ఆమె పేరు పక్కన 45 రాసుకుంటే, జులై 18 నుంచి లెక్క కడితే సెప్టెంబర్ 1 వస్తుంది, ఐదు రోజుల ముందు అంటే ఆగస్టు 27. క్యాలెండర్‌లో ఆ గడి నింపండి. పిల్లలు తొక్కు తినరని తెలిసింది కాబట్టి, ఈసారి సీసాతోపాటు ఒక చిన్న పొట్లం నువ్వుల పొడి, "టిఫిన్ డబ్బాలో అన్నంలోకి వేసి చూడండి మేడం" అని ఇవ్వొచ్చు. వాళ్లింట్లో తినని ఇద్దరికి కూడా మీ సరుకు చేరే దారి ఇదే. అందరికీ పది శాతం తగ్గింపు అని ప్రకటించడం కన్నా ఇది చాలా తక్కువ ఖర్చు, పైగా ఆమె మాట మీరు గుర్తుపెట్టుకున్నారని ఆమెకు అర్థమవుతుంది.

పొడులకు, తొక్కులకు ఒకే లెక్క పెట్టకండి. పొడి తెరిచిన కొద్ది రోజులకు వాసన తగ్గిపోతుంది, దాన్ని పావు కిలోల్లోనే అమ్మి తరచుగా అడగడం నయం. ఒకే మనిషి రెండు రకాలు తీసుకుంటే రెండు వరసలు రాసుకోండి. తేదీలు దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం రెండింటికీ కలిపి ఒకే మెసేజ్ పెట్టాలి, వారంలో రెండుసార్లు తలుపు తట్టొద్దు.

మెసేజ్‌లు రెండే

ఒక్కో ఆర్డర్‌కు రెండు మెసేజ్‌లు సరిపోతాయి. మొదటిది సరుకు చేరిన మూడు నాలుగు రోజులకు, అందులో అమ్మకం మాటే ఉండకూడదు.

"నమస్తే మేడం, నేను మెట్టుగడ్డ నుంచి, తొక్కులు చేసే ఆమెను. మంగళవారం తీసుకున్న పుంటికూర తొక్కు తెరిచారా? కారం సరిపోయిందా, ఎక్కువైందా? మీరు చెప్తే ఈసారి అట్లనే కలుపుతాను."

ఎట్లుంది అని మాత్రమే అడిగితే మన వాళ్లు "బాగుంది" అనే అంటారు, మొహమాటం. కారం గురించో ఉప్పు గురించో పుల్లదనం గురించో ఒక్కటి పట్టుకుని అడిగితే నిజం చెప్తారు. "కొంచెం ఉప్పు ఎక్కువైనట్టుందండీ" అనే జవాబు వచ్చిందంటే సంతోషించండి, అది చెప్పకుండా వెళ్లిపోయే మనిషి మళ్లీ రారు. ఆ మాటను అప్పుడే రాసుకుని "సరే మేడం, మీది తగ్గించి కలుపుతాను" అని జవాబిచ్చి ఊరుకోండి. పుంటికూర ఉప్పు పీలుస్తుంది, రెండు రోజులాగితే సరిపోతుంది అని వాదించడం మొదలుపెట్టకండి. నిజమే కావచ్చు, కానీ ఆమె నోరు ఆమెది.

రెండోది క్యాలెండర్‌లో రాసుకున్న రోజున.

"నమస్తే మేడం, పోయినసారి తీసుకున్న తొక్కు అయిపోవచ్చిందేమో అని అడుగుతున్నాను. ఈ శనివారం పుంటికూర తొక్కు పెడుతున్నాను. మీకు ఉప్పు తగ్గించి అర కిలో తీసి పెట్టమంటారా? ఇప్పుడు వద్దంటే ఏం పర్లేదు."

ఇందులో మీ ఊరందరికీ పంపే మాట ఒక్కటీ లేదు చూడండి. ఏం తీసుకున్నారో ఉంది, ఎట్లా కావాలన్నారో ఉంది, ఎప్పుడు చేస్తారో ఉంది, వద్దని చెప్పడానికి దారి ఉంది. ఆ చివరి మాట తీసేయకండి. వద్దని సులువుగా చెప్పగలిగిన వాళ్లే మళ్లీ నెల అడిగితే సులువుగా సరే అంటారు. వద్దనడానికి మొహమాటపడే వాళ్లు మీ పేరు చూస్తేనే ఫోన్ పక్కన పెడతారు.

పెద్దవాళ్లకు, చదవడం అలవాటు లేని వాళ్లకు అర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి. బటన్ ఫోన్ ఉన్న పెద్దమ్మలకు కాల్ చేయడమే, మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగి, విషయం చెప్పి పెట్టేయాలి. టైమ్ కూడా చూసుకోండి. పొద్దున ఎనిమిదికి టిఫిన్ డబ్బాల హడావిడి, అప్పుడు పెట్టిన మెసేజ్ చూసి మర్చిపోతారు. పదకొండు తర్వాత, లేదంటే సాయంత్రం నాలుగైదు మధ్య బాగుంటుంది. జీతాల ఇళ్లకు నెల మొదటి వారం. చికెన్ తొక్కు, మటన్ తొక్కు చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: శనివారం, సోమవారం, గురువారం ఇలా ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు నీసు ముట్టరు, శ్రావణంలో, కార్తీకంలో చాలామంది పూర్తిగా మానేస్తారు. ఆ రోజుల్లో నోరూరించే చికెన్ ఫొటో పంపడం తగదు. ఎవరింట్లో ఏ రోజో "మాట" గడిలో ఉంటే మీకు ఈ ఇబ్బంది రాదు.

ఒకేసారి అందరినీ అడగొద్దు

లిస్టు తయారవగానే ఉత్సాహంగా అందరికీ ఒకే రోజు మెసేజ్ కొట్టాలనిపిస్తుంది. మీ పొయ్యి మీద వారానికి ఐదు కిలోలే అవుతుంది అనుకోండి, ఇరవై మంది అర కిలో చొప్పున సరే అంటే పది కిలోలు కావాలి. సగం మందికి "వచ్చే వారం ఇస్తా" అని చెప్పాల్సి వస్తుంది. మీరే అడిగి, మీరే లేదనడం కన్నా అడగకపోవడం మేలు.

వారాన్ని ఇలా పెట్టుకోండి. తేదీ వారంలో ఏ రోజు పడినా, సోమవారం, మంగళవారమే ఆ వారం తేదీలు పడిన వాళ్లకు మాత్రం మెసేజ్‌లు. గురువారం సాయంత్రం వరకు ఆర్డర్లు తీసుకోండి. శుక్రవారం పుంటికూర, ఎల్లిగడ్డ తెచ్చుకుని, కూర కడిగి నీడన ఆరబెట్టుకుని, శనివారం పెట్టి, ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఇచ్చి రండి. చేయగలిగే దాని కన్నా ఒకటి రెండు అర కిలోలు ఎక్కువ అడిగితే చాలు, అందరూ సరే అనరు. తేదీలు పొరపాటున ఒకే వారంలో గుంపుగా పడితే, ఎక్కువసార్లు కొన్నవాళ్లను ముందు అడిగి మిగతా వాళ్లను నాలుగు రోజులు వెనక్కి జరపండి.

గ్రూపు, బ్రాడ్‌కాస్ట్, స్టేటస్

కస్టమర్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పడేయడం వద్దే వద్దు. గ్రూపులో ఉన్నవాళ్లందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి, తమ నంబర్ పరాయి మగవాళ్లకు కనిపిస్తుందని ఆడవాళ్లు చెప్పకుండానే బయటికి వెళ్లిపోతారు. ఇంకో తొక్కుల వ్యాపారి ఆ గ్రూపులో చేరితే మీ లిస్టు మొత్తం కష్టపడకుండా వాళ్ల చేతికి పోతుంది. పైగా ఒకరు "నాకు ఇచ్చింది చేదుగా ఉంది" అని రాస్తే అందరూ చదువుతారు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఆ బాధ లేదు, ఎవరికి వాళ్లకు విడిగా వెళ్తుంది. ఒక లిస్టులో 256 మందిని పెట్టొచ్చు. కానీ మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ చేరుతుంది, సేవ్ చేసుకోమని అడగమన్నది అందుకే. పోయేది అందరికీ ఒకే మాట కాబట్టి దీన్ని పండుగలకు, కొత్త రకం చేసినప్పుడు వాడండి, నెలకు ఒకసారి చాలు. సీసా అయిపోయే తేదీ మెసేజ్‌కు వాడకండి.

స్టేటస్ అన్నిటికన్నా మర్యాదైనది, చూడాలనుకున్న వాళ్లే చూస్తారు. అందులో మామిడికాయలు కోస్తున్నది, ఎండబెట్టిన మిరపకాయలు, రోట్లో దంచుతున్నది పెట్టండి. గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు మాత్రం స్టేటస్‌లోనూ వద్దు, మెసేజ్‌గా అసలే వద్దు. రోజూ పువ్వులు పంపే నంబర్‌ను జనం మ్యూట్‌లో పెడతారు, ఆ తర్వాత మీ అసలు మెసేజ్ కూడా కనిపించదు.

వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకుంటే లేబుల్స్ ఉంటాయి. "కొత్తవాళ్లు", "మళ్లీ కొన్నవాళ్లు", "అడగొద్దు" అని మూడు పెట్టుకుంటే చాట్ చూడగానే తెలిసిపోతుంది. లేబుల్ తేదీ చెప్పదు కాబట్టి పుస్తకమో షీటో మానేయొద్దు.

ఉద్దెర సంగతి

ఇది ఎవరూ చెప్పరు కానీ, మన ఊళ్లలో ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ రాకపోవడానికి ఉద్దెర ఒక పెద్ద కారణం. నూట యాభై రూపాయలు బాకీ ఉన్న మనిషి మీ తొక్కు నచ్చక కాదు, ఆ డబ్బు గుర్తొచ్చి ఎదురుపడటానికి సిగ్గుపడి పక్క గల్లీ నుంచి పోతారు. రెండు నెలలకు బాకీ పోతుంది, కస్టమరూ పోతారు.

వీలైతే ఉద్దెర ఇవ్వకండి. ఇచ్చినప్పుడు మాత్రం లిస్టులో ఆ అంకె పక్కన తేదీ రాయండి, పదిహేను రోజుల్లోపు అడగండి, ఆలస్యం చేసే కొద్దీ ఇద్దరికీ కష్టం. ఎట్లుందని అడిగే మొదటి మెసేజ్‌లో బాకీ మాట కలపకండి, రుచి గురించి అడిగింది నెపమే అనుకుంటారు. విడిగా "అక్కా, మొన్నటి తొక్కువి 150 ఉన్నాయి, వీలున్నప్పుడు ఇదే నంబర్‌కు పంపండి" అని ఒక్క వాక్యం. చాలాకాలమై ఆమె మొహం చాటేస్తుంటే, కొత్త సీసా తేదీకి "పాతవి ఈసారి వాటితో కలిపి ఇద్దురు, తొక్కు పంపమంటారా" అని దారి తెరవండి. అప్పటికీ ఇవ్వకపోతే మళ్లీ ఉద్దెర ఇవ్వకండి, పేరు పక్కన "నగదు" అని రాసుకోండి.

కంప్లైంట్ వచ్చిన ఇంటికి

బూజు వచ్చిందని ఫోన్ వస్తే ముందు ఫొటో అడగండి, అడిగే తీరు అనుమానంలా ఉండకూడదు. తడి స్పూన్ పెట్టడం వల్ల కావచ్చు, పైన నూనె తేలకుండా ముక్కలు గాలికి ఉండటం వల్ల కావచ్చు, మీరు పుంటికూరను సరిగా ఆరబెట్టకపోవడం వల్లా కావచ్చు. అదే రోజు పెట్టిన సీసాలు తీసుకున్న మిగతా వాళ్లెవరో మీ లిస్టులో తేదీ చూస్తే తెలుస్తుంది. వాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి చూడండి. వాళ్ల దగ్గర బాగుంటే ఆ ఇంటి స్పూన్ సంగతి, వాళ్ల దగ్గరా బూజు ఉంటే తప్పు మీ వైపు, అప్పుడు అందరికీ మీరే ముందు చెప్పి మార్చి ఇవ్వాలి. బూజు పట్టింది పైన తీసేసి తినమని ఎవరికీ చెప్పకండి, పారేయమనండి.

తప్పు ఎవరిదైనా మొదటిసారి సీసా మార్చి ఇచ్చేయండి, ఇచ్చేటప్పుడు పొడి స్పూన్, పైన నూనె తేలాలి అనే రెండు మాటలు చెప్పండి. లిస్టులో ఆ ఇంటి తేదీని ఆపేసి, కొత్త సీసా ఇచ్చిన రోజు నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టండి. గొడవ తేలకుండానే పాత తేదీ వచ్చిందని "తొక్కు అయిపోయిందా మేడం" అని మెసేజ్ పోతే, ఆ ఇంటి తలుపు మూసుకున్నట్టే.

సకినాల వాళ్లకు వేరే పేజీ

సకినాలు, అరిసెలు, గరిజెలు, మలీద ముద్దలు అయిపోయే తేదీని బట్టి కొనరు, పండుగను బట్టి కొంటారు. వీళ్లకు రోజుల లెక్క పనికిరాదు, పండుగకో పేజీ పెట్టి పోయిన ఏడాది ఎవరు ఎంత తీసుకున్నారో రాసుకోండి. సంక్రాంతి సకినాలకు డిసెంబర్ చివరి వారంలోనే "పోయినసారి రెండు కిలోలు తీసుకున్నారు, ఈసారి అంతేనా" అని అడిగి కొంత అడ్వాన్స్ తీసుకోండి, భోగికి ముందు రోజు వచ్చే ఆర్డర్లకు చేతులు చాలవు. పోయిన ఏడాది అంకె మీరే చెప్తే వాళ్లు ఆలోచించే పని ఉండదు, చాలామంది "అంతే పెట్టండి" అనేస్తారు. బతుకమ్మకు సత్తుపిండి, మలీదకు కూడా ఇదే పద్ధతి.

అమెరికా పోయే పిల్లలున్న ఇళ్లు ఈ పేజీలోనే రాయండి. చదువులకు ఎక్కువమంది ఆగస్టులో, కొందరు జనవరిలో బయల్దేరతారు, ప్రయాణానికి నెల ముందే ఆ ఇంట్లో సామాను లిస్టు మొదలవుతుంది. అప్పుడు అడిగితే తొక్కులు, పొడులు, సకినాలు కలిపి ఒకే పెద్ద ఆర్డర్ వస్తుంది. నూనె కారకుండా ప్యాక్ చేయగలరా అనేది వాళ్లు మొదట అడిగే ప్రశ్న, దానికి జవాబు సిద్ధం చేసుకుని అడగండి.

ఎప్పుడు ఆపాలి

తేదీ మెసేజ్‌కు జవాబు రాలేదంటే, నీలం టిక్కులు పడ్డా సరే, "చూసి కూడా రిప్లై ఇవ్వలేదేంటి" అని అడగకండి. తర్వాతి పండుగకు ఒకసారి పలకరించండి. దానికీ పలుకు లేకపోతే ఇక విడిగా మెసేజ్ వద్దు, పేరు కొట్టేయకుండా "స్టేటస్ మాత్రమే" అని రాసి వదలండి. ఆరు నెలలకు వాళ్లే వచ్చి "ఊళ్లో లేమండీ" అనడం మామూలే. "మెసేజ్‌లు పెట్టొద్దు" అని ఎవరైనా నోరు తెరిచి చెప్తే మాత్రం, "సరే అమ్మా, ఇబ్బంది పెట్టినందుకు ఏమనుకోకండి" అని ఆ రోజే లిస్టులోంచి తీసేయండి.

నెల చివర ఒకసారి కూర్చుని, రెండు నెలల కింద మొదటిసారి కొన్నవాళ్లలో రెండోసారి ఎంతమంది కొన్నారో చూడండి. రానివాళ్ల "మాట" గడులు వరసగా చదవండి. ఉప్పు, ఉప్పు, ఉప్పు అని కనిపిస్తే మెసేజ్‌లలో లోపం లేదు, తొక్కు కలిపే చేతిలో ఉంది. గడులన్నీ ఖాళీగా ఉంటే మొదటి మెసేజ్ మీరు సరిగా అడగట్లేదు. అందరూ ఒకే ఏరియా వాళ్లయితే అక్కడికి సరుకు చేర్చడంలో ఏదో తేడా ఉంది.

పుస్తకం వాడేవాళ్లు నెలకోసారి పేజీలు ఫొటో తీసి పెట్టుకోండి, వంటింట్లో పుస్తకం మీద నూనె పడటం ఎంతసేపు. ఇంటికొచ్చిన వాళ్లకు కనిపించేలా దాన్ని హాల్లో వదలకండి, చీరలమ్మే దోస్తు అడిగినా నంబర్లు ఇవ్వకండి, కస్టమర్లు వాటిని మీకు ఇచ్చింది తొక్కు కోసం. కస్టమర్ మెచ్చుకున్న చాట్ స్టేటస్‌లో పెట్టాలనుకుంటే ముందు వాళ్లను అడిగి, పేరు, నంబర్ కనిపించకుండా కత్తిరించి పెట్టండి.